రిటైరయ్యాకా తెగని ఈఎంఐ

ఇంటి అప్పు ఎన్నేళ్ల వయసు దాకా ఇవ్వవచ్చో చెప్పే చట్టమేదీ మన దేశంలో లేదు. రిజర్వు బ్యాంకు కూడా ఫలానా వయసుకు అప్పు తీరిపోవాలని గీత గీయలేదు. ఆ గీత ప్రతి బ్యాంకూ తన బోర్డు ఆమోదించిన విధానంలో తానే గీసుకుంటుంది. స్టేట్ బ్యాంకులో 70 ఏళ్లు నిండేలోగా అప్పు పూర్తిగా తీరిపోవాలి. చాలా ప్రైవేటు బ్యాంకుల్లో, గృహరుణ సంస్థల్లో జీతగాళ్లకు 60 లేదా రిటైర్మెంట్ తేదీ, వ్యాపారం చేసుకునేవాళ్లకు 65 అన్న లెక్క నడుస్తోంది. స్థిరమైన పెన్షన్ వచ్చేవాళ్ల కోసం ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ తెచ్చిన గృహ వరిష్ఠ పథకంలోనైతే 80 ఏళ్ల దాకా గడువు ఇస్తారు. ఒకే మనిషి ఒకే ఇంటికి మూడు చోట్ల దరఖాస్తు చేస్తే మూడు రకాల గడువులు రావడానికి కారణం ఇదే.

ఈ వయసు లెక్క చూసేటప్పుడు జనం ఒక విషయం మరిచిపోతారు. బ్యాంకు అడిగేది దరఖాస్తు రోజున మీకెంత వయసని కాదు, చివరి కిస్తీ రోజున ఎంత ఉంటుందని. యాభై రెండేళ్ల మనిషికి 60 పరిమితి ఉన్న చోట ఎనిమిదేళ్ల గడువే దొరుకుతుంది. 70 పరిమితి ఉన్న చోట పద్దెనిమిదేళ్లు వస్తుంది. గడువు తగ్గితే ఈఎంఐ పెరుగుతుంది, ఈఎంఐ పెరిగితే అదే జీతం మీద వచ్చే అప్పు తగ్గుతుంది. అందుకే యాభై దాటినవాళ్లలో చాలామంది వడ్డీ పావు శాతం ఎక్కువైనా గడువు ఎక్కువిచ్చే బ్యాంకునే ఎంచుకుంటారు.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో రిటైర్మెంట్ వయసే కదులుతూ వచ్చింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విభజన ఏడాది 60 అయి, 2022 జనవరి నుంచి 62 అయింది. కేంద్ర ఉద్యోగులకు 60. పాత వయసును బట్టి గడువు పెట్టుకున్నవాళ్లకు ఈ పెంపుతో రెండు మూడేళ్ల జీతం అదనంగా కలిసొచ్చింది. ప్రైవేటు ఉద్యోగికి ఆ భరోసా లేదు. నియామక పత్రంలో 58 అనో 60 అనో ఉంటుంది కానీ, అక్కడిదాకా కొలువు నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వరు.

ఇంతవరకూ చెప్పిందంతా అప్పు మంజూరయ్యే రోజు మాట. బ్యాంకులు వయసు నిబంధనను గట్టిగా కాపలా కాసేది ఆ రోజునే. తర్వాత ఫ్లోటింగ్ వడ్డీ పెరిగినప్పుడు గడువు చల్లగా రిటైర్మెంట్ దాటి సాగిపోతుంది, దానికి మళ్లీ దరఖాస్తు ఉండదు, జీతం స్లిప్పు అడగరు. రిటైరయ్యాక కూడా కిస్తీలు కడుతున్నవాళ్లలో కావాలని అలా తీసుకున్నవాళ్లు కొందరే. మిగతావాళ్ల అప్పులు వాళ్లు చూడకుండానే పొడుగయ్యాయి. ఈ రెండో రకం గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలన్నీ బయటి కొలమానానికి ముడిపడ్డాయి. చాలా బ్యాంకులకు ఆ కొలమానం రిజర్వు బ్యాంకు రెపో రేటే. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 శాతమైంది. పది నెలల్లోపే రెండున్నర శాతం పెరిగిందన్నమాట. బ్యాంకులు చాలావరకు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పెంచాయి. నెలనెలా ఖాతాలోంచి పోయే సొమ్ము మారలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించలేదు.

అసలేం జరిగిందో ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఒకాయన 2021 జనవరిలో, నలభయ్యో ఏట, 40 లక్షల అప్పు తీసుకున్నాడనుకోండి. వడ్డీ 7 శాతం, గడువు ఇరవై ఏళ్లు, ఈఎంఐ రూ. 31,012. అరవయ్యో ఏట ఉద్యోగమూ అప్పూ ఒకేసారి ముగుస్తాయి. చక్కటి ఏర్పాటు. రెండేళ్లు సక్రమంగా కట్టాక అసలు 38.03 లక్షలకు తగ్గింది. లెక్క తేలికగా ఉండేందుకు వడ్డీ పెంపంతా అప్పుడే ఒక్కసారి పడి 9.5 శాతమైందనుకుందాం.

38.03 లక్షల మీద 9.5 శాతం చొప్పున ఒక నెల వడ్డీ రూ. 30,105. ఆయన కడుతున్నది రూ. 31,012. అంటే ముప్ఫై ఒక్క వేలు కడితే అసలులో తగ్గేది తొమ్మిది వందల ఏడు రూపాయలు. ఇదే ఈఎంఐతో అప్పు తీరాలంటే 448 నెలలు, అంటే ఇంకో ముప్ఫై ఏడేళ్లకు పైన పడుతుంది. అప్పటికి ఆయనకు డెబ్భై తొమ్మిదేళ్లు నిండుతాయి. వడ్డీ ఇంకో పావు శాతం పెరిగితే నెల వడ్డీయే దాదాపు ఈఎంఐ అంత అవుతుంది. ఆ పైన ఎంత పెరిగినా, ఎన్నేళ్లు కట్టినా అసలు పెరగడమే తప్ప తగ్గదు.

బ్యాంకు వయసు పరిమితి 70 అయితే గడువును డెబ్భై తొమ్మిది దాకా పోనివ్వదు. డెబ్భై దగ్గర ఆపుతుంది. అలా ఆపడానికి ఈఎంఐ రూ. 32,395 చేస్తే చాలు. నెలకు పద్నాలుగు వందలే కదా అని ఎవరూ పట్టించుకోరు. అసలు చిక్కంతా ఈ పద్నాలుగు వందల దగ్గరే ఉంది. ఆ దారిలో, అదే వడ్డీ మీద నడిస్తే, అరవయ్యో ఏట ఆయన రిటైరయ్యే రోజుకు ఇరవై ఏళ్లు కిస్తీలు కట్టి ఉంటాడు. అయినా 40 లక్షల అప్పులో ఇంకా 25 లక్షలు మిగిలే ఉంటుంది. వడ్డీ పెరిగిన రోజునే అరవయ్యో ఏడే నాకు ముఖ్యమని పట్టుబట్టి ఉంటే ఈఎంఐ రూ. 36,808 అయ్యేది. నెలకు అయిదు వేల ఎనిమిది వందలు ఎక్కువ. బరువే, కానీ జీతం వస్తున్న రోజుల్లోని బరువు.

ఇలాంటివి దేశమంతా కనబడ్డాకే రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఒక ఆదేశం ఇచ్చింది. ఆ ఏడాది చివరికల్లా పాత అప్పులకు కూడా దాన్ని అమలు చేయమంది. అందులో మనకు పనికొచ్చే మాటలు కొన్నే. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది అప్పు తీసుకున్నవాళ్లే ఎంచుకోవచ్చు. స్థిర వడ్డీకి మారే అవకాశం కూడా ఇవ్వాలని అప్పట్లో ఉండేది, 2025 అక్టోబరు నుంచి అది బ్యాంకు ఇష్టం. గడువు పెంచడం వల్ల అసలు పెరిగిపోయే పరిస్థితి రాకూడదు. ప్రతి మూడు నెలలకూ ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అప్పటిదాకా వసూలైన అసలెంత, వడ్డీ ఎంత, ఈఎంఐ ఎంత, ఇంకా ఎన్ని కిస్తీలు మిగిలాయి అన్నవి అందులో ఉండాలి. ఆ చివరి అంకె మీద కన్నెయ్యాలి. మిగిలిన కిస్తీల్ని పన్నెండుతో భాగించి మీ వయసుకు కలిపితే ఎక్కడ తేలుతుందో అదే మీ అప్పు వయసు.

ఆదేశం మంచిదే. కానీ ఎంచుకోని మనిషికి అది పెద్దగా పనికిరాదు. బ్యాంకు పంపే సందేశానికి జవాబివ్వకపోతే చాలాచోట్ల గడువు పెంచడమే అలవాటుగా జరుగుతుంది. రిటైర్మెంట్ తేదీ దాటి గడువు పోయేటప్పుడు అప్పు తీసుకున్న మనిషి స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప పోకూడదన్న నియమం ఉండి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. అలాంటి నియమం లేదు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

ఇప్పుడు పరిస్థితి కొంత తేలికపడింది. 2025లో రెపో రేటు నాలుగుసార్లు తగ్గి డిసెంబరుకు 5.25 శాతానికి వచ్చింది. మన ఉదాహరణలోని ఆయన అప్పు 2026 జనవరికి 37.08 లక్షలు. తగ్గింపంతా ఆయనకు అంది వడ్డీ 8.25 శాతమైందనుకుంటే, రూ. 32,395 ఈఎంఐ మీదే గడువు 226 నెలలకు దిగుతుంది. ఆయన వయసు నలభై అయిదు కాబట్టి అప్పు అరవై మూడేళ్ల పది నెలలకు తీరుతుంది. డెబ్భై నుంచి దాదాపు అరవై నాలుగుకు వచ్చింది. అరవయ్యో ఏట మాత్రం ఇంకా 12.65 లక్షలు మిగులుతుంది. ఆ మిగులు లేకుండా చేయడానికి ఈఎంఐని ఇవాళే రూ. 35,971కి పెంచమంటే సరిపోతుంది. నెలకు మూడు వేల ఆరు వందల తేడా. వడ్డీ తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించుకుని ఆ డబ్బుతో మరో వస్తువు వాయిదాల్లో కొనేవాళ్లకు ఈ అవకాశం చేజారిపోతుంది.

ఒకేసారి కొంత కట్టడం మరో దారి. ఇదే దశలో ఆయన బోనస్‌లోంచి రెండు లక్షలు అసలుకు జమ చేసి, ఈఎంఐ మార్చవద్దని చెబితే ఇరవై ఆరు నెలల కిస్తీలు తగ్గిపోతాయి. రెండు లక్షలు పెడితే సుమారు ఎనిమిదిన్నర లక్షల కిస్తీలు తప్పుతాయన్నమాట. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందుగా తీర్చే వ్యక్తుల దగ్గర పెనాల్టీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. జాగ్రత్తపడాల్సింది ఒక్కటే. కౌంటరులో డబ్బు కట్టి వచ్చేస్తే కొన్ని బ్యాంకులు గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తాయి. ‘గడువు తగ్గించండి, ఈఎంఐ ఇదే ఉంచండి’ అని రాసిచ్చి, నెల తిరిగాక స్టేట్‌మెంట్‌లో కిస్తీల సంఖ్య తగ్గిందో లేదో చూసుకోవాలి.

తక్కువ వడ్డీ ఇచ్చే మరో బ్యాంకుకు అప్పు మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు, వయసు కుదిరితే. కొత్త బ్యాంకుకు మీరు కొత్త దరఖాస్తుదారు. అక్కడి వయసు పరిమితి మళ్లీ మొదటి నుంచీ వర్తిస్తుంది. పాత బ్యాంకులో డెబ్భై దాకా సాగిన అప్పును యాభై ఆరో ఏట అరవై పరిమితి ఉన్న బ్యాంకుకు తీసుకెళితే నాలుగేళ్లలో తీర్చమంటుంది. అందుకే మార్పిడి ఆలోచన ఉంటే యాభై లోపలే చూసుకోవాలి. ఆ తర్వాత మీ బ్యాంకుతోనే బేరమాడి, కొద్దిపాటి రుసుము కట్టి వడ్డీ తగ్గించుకోవడం తేలిక.

ఇక కావాలనే రిటైర్మెంట్ దాటే అప్పు తీసుకునేవాళ్ల సంగతి. పాత పద్ధతిలో స్థిరమైన పెన్షన్ వచ్చే ఉద్యోగికి ఇది తప్పేమీ కాదు. బ్యాంకులు కూడా పెన్షన్‌ను ఆదాయంగా లెక్కేస్తాయి. కొన్ని సంస్థలు జీతం ఉన్నంతకాలం ఎక్కువ ఈఎంఐ, పెన్షన్ మొదలయ్యాక తక్కువ ఈఎంఐ అని రెండు మెట్లుగా పెడతాయి. కానీ 2004 సెప్టెంబరు 1 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఇప్పటి తెలంగాణలోనూ చేరిన ప్రభుత్వ ఉద్యోగులు కాంట్రిబ్యూటరీ పెన్షన్ కిందికి వచ్చారు. వాళ్లకు చివరి జీతంలో సగం పెన్షనన్న పాత హామీ లేదు. వాళ్లు రిటైర్మెంట్ తర్వాతి ఈఎంఐని పాత ఉద్యోగుల లెక్కతో వేసుకుంటే పొరపాటవుతుంది.

పాత పెన్షన్ ఉన్నవాళ్లు కూడా ఒక లెక్క తప్పక వేయాలి. చివరి జీతం లక్ష అనుకుంటే పెన్షన్ యాభై వేలు. ఆయన పోతే భార్యకు సాధారణ రేటున వచ్చే కుటుంబ పెన్షన్ ముప్ఫై వేలు. కరువు భత్యం ఈ రెంటికీ అదనం. ఈఎంఐ పాతిక వేలైతే ఆయన ఉన్నంతకాలం నడుస్తుంది, ఆవిడ చేతికొచ్చాక నడవదు. కాబట్టి రిటైర్మెంట్ తర్వాతి ఈఎంఐని పెన్షన్‌తో కాక కుటుంబ పెన్షన్‌తో పోల్చాలి. దానిలో మూడో వంతు మించితే ఆ అప్పు ఆవిడ నెత్తిన పడినట్టే.

ఇక్కడే బీమా సంగతీ ఉంది. అప్పు తీసుకునే రోజున బ్యాంకు అంటగట్టే రుణ బీమాలో చాలావాటికి ఒకేసారి ప్రీమియం కట్టించుకుంటారు. బీమా మొత్తం మొదటి రోజు గీసిన పట్టిక ప్రకారం ఏటేటా తగ్గుతూ, మొదటి గడువుకో అంతకంటే ముందో ముగుస్తుంది. తర్వాత అప్పు గడువు పెరిగినా బీమా గడువు పెరగదు. మన ఉదాహరణలో పట్టిక ప్రకారం అరవయ్యో ఏట అప్పు సున్నా కాబట్టి బీమా కూడా సున్నా. అసలు అప్పు మాత్రం లక్షల్లో మిగిలి ఉంటుంది. మనిషికి ముప్పు పెరిగే వయసులో రక్షణ పోతుంది. బీమా పత్రం తీసి ముగింపు తేదీ చూస్తే ఇది నిమిషంలో తెలుస్తుంది.

వయసు చాలదని బ్యాంకు అన్నప్పుడు వినబడే సలహా కొడుకునో కూతురినో సహ దరఖాస్తుదారుగా చేర్చమని. ఆదాయమున్న పిల్లల వయసును లెక్కలోకి తీసుకుని బ్యాంకు గడువు పెంచుతుంది. పని జరుగుతుంది, కాదనను. కానీ సంతకం పెట్టిన రోజు నుంచి ఆ అప్పు మొత్తం వాళ్ల క్రెడిట్ రిపోర్టులో కనబడుతుంది. ఇరవై ఏడేళ్ల అమ్మాయి నాన్న అప్పుకు సంతకం పెడితే, మూడేళ్ల తర్వాత తన సొంత ఫ్లాటుకు అప్పు అడిగినప్పుడు బ్యాంకు ఈ ఈఎంఐని కూడా ఆమె జీతంలోంచి మినహాయించి చూస్తుంది. ఆ ఇంట్లో వాటా లేకపోతే ఆదాయపన్ను రాయితీ కూడా ఆమెకు రాదు. అన్నదమ్ములుంటే, కిస్తీలు కట్టినవాళ్లకే ఇల్లా, అందరికీ సమానమా అన్న పేచీ తర్వాత వస్తుంది. వాటా ఎవరికెంతో దస్తావేజులోనే రాయించుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

రిటైరయ్యే రోజున అప్పు మిగిలే ఉంటే, చేతికొచ్చిన సొమ్ముతో తీర్చేయాలా వద్దా అన్నది చివరి ప్రశ్న. గ్రాట్యుటీ, భవిష్యనిధి ఉన్నవాళ్లకు నా జవాబు తీర్చేయమనే, అది కూడా వైద్యానికి, రెండేళ్ల ఇంటి ఖర్చుకు పక్కన పెట్టిన తర్వాతే. 8.25 శాతం అప్పు ఉంచుకుని అంతకంటే తక్కువ వడ్డీకి డిపాజిట్ వేసి, వచ్చిన వడ్డీ మీద పన్ను కట్టడంలో లాభం లేదు. పైగా కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు లేదు. ఉన్నదంతా అప్పులో పోసి, ఆసుపత్రి ఖర్చుకు మళ్లీ వ్యక్తిగత అప్పుకు వెళ్లడం మాత్రం తప్పు. ఆ వయసులో దొరికే అప్పు గృహరుణమంత చవగ్గా ఉండదు.

అయితే పెన్షన్ కమ్యుటేషన్ చేసి అప్పు తీర్చడం వేరే సంగతి. అది ఉచిత సొమ్ములా కనబడుతుంది. కేంద్ర ఉద్యోగి అరవయ్యో ఏట యాభై వేల పెన్షన్‌లో 40 శాతం, అంటే ఇరవై వేలు కమ్యూట్ చేస్తే 8.194 గుణకం ప్రకారం సుమారు 19.67 లక్షలు వస్తుంది. బదులుగా పదిహేనేళ్లపాటు నెలకు ఇరవై వేలు కోత పడుతుంది, మొత్తం 36 లక్షలు. దాన్ని అప్పుగా చూస్తే వడ్డీ 9 శాతం దగ్గర పడుతుంది. 8.25 శాతం అప్పును 9 శాతం అప్పుతో తీర్చినట్టు. ఒక్క తేడా ఏమంటే మనిషి ముందే పోతే ఈ కోత అక్కడితో ఆగుతుంది, కుటుంబ పెన్షన్ మీద పడదు. భార్యకు వేరే ఆదాయం లేని ఇంట్లో, ఆ ఒక్క కారణంతో కమ్యుటేషన్ మంచిదే కావచ్చు. వడ్డీ లాభం కోసమైతే కాదు.

ఇంకో చిన్న విషయం, తరచూ జరిగేది. రిటైరైతే జీతం ఖాతా మామూలు ఖాతాగా మారుతుంది, కొందరికి పెన్షన్ వేరే బ్యాంకులో పడుతుంది. ఈఎంఐ ఆదేశం మాత్రం పాత ఖాతా మీదే ఉంటుంది. రెండు కిస్తీలు బౌన్స్ అయ్యాక ఫోన్ వస్తే గానీ తెలియదు. అప్పటికి క్రెడిట్ స్కోరు పడిపోయి ఉంటుంది. పెన్షన్ ఖాతా ఖరారైన వారంలోనే ఈఎంఐ ఆదేశం దానికి మార్పించుకోవాలి.

మీ అప్పు తాజా స్టేట్‌మెంట్ తీసి మిగిలిన కిస్తీల సంఖ్య చూడండి. చివరి కిస్తీ మీ రిటైర్మెంట్ తర్వాత పడుతుంటే, ఆ తేదీలోగా అప్పు తీరేలా ఈఎంఐ ఎంతవుతుందో రాతపూర్వకంగా బ్యాంకును అడగండి. దానికి జవాబివ్వడం వాళ్ల బాధ్యత. ముప్ఫై రోజుల్లో రాకపోతే, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగానే ఫిర్యాదు చేయవచ్చు.